పెద్ద పేరా, కింద నాలుగు ప్రశ్నలు: బిజినెస్ స్టడీస్ కేస్ స్టడీ రాసే పద్ధతి

బిజినెస్ స్టడీస్ పేపర్లో అర పేజీ పేరా కనిపించగానే చాలామంది దాన్ని కథ చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. తర్వాత కింద ప్రశ్నలు చూసి, మళ్లీ పైకెళ్లి వెతుకుతారు. ఒక్కో ప్రశ్నకు పేరాని మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. టైమ్ పోతుంది, టెన్షన్ పెరుగుతుంది, చివరికి ఆన్సర్‌లో సగం కథనే తిరిగి రాసి వస్తారు.

నిజానికి ఆ పేరా కథ కాదు. పేపర్ సెట్ చేసేవాళ్లు ముందు కింద ఏమేం అడగాలో అనుకుంటారు. ఒక్కో దానికి ఒకటో రెండో ఆధార వాక్యాలు రాస్తారు. వాటిని కలిపి కుట్టడానికి మధ్యలో కంపెనీ, మేనేజర్, సరుకు లాంటివి పెడతారు. కాబట్టి ఆ కుట్లు విప్పడమే మీ పని. ఎలా విప్పాలో ఒక కేస్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మధ్యలో కొన్ని చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మార్కులు పోయేది సరిగ్గా అక్కడే.

ఇదీ పేరా:

"స్కూల్ బ్యాగులు తయారు చేసే ఒక కంపెనీ మొదటి ఐదేళ్లు ఆ ఒక్క రకం సరుకుతోనే నడిచింది. పని అంతా కొనుగోళ్లు, తయారీ, అమ్మకాలు, అకౌంట్స్ అనే నాలుగు డిపార్ట్‌మెంట్ల మధ్య పంచి ఉండేది. తర్వాత ట్రావెల్ బ్యాగులు, హ్యాండ్‌బ్యాగులు కూడా మొదలుపెట్టడంతో ఒక్కో రకానికి ఒక్కో మేనేజర్‌ను పెట్టి, ముడిసరుకు కొనడం దగ్గర్నుంచి అమ్మడం దాకా ఆ రకం లాభనష్టాలకు అతన్నే బాధ్యుణ్ణి చేశారు. ట్రావెల్ బ్యాగుల మేనేజర్ మూడు నెలల్లో 6,000 బ్యాగులు సిద్ధం చేయించాలని లక్ష్యం పెట్టారు. అయితే ఎంత చిన్న కొనుగోలుకైనా హెడ్ ఆఫీసు సంతకం ఉండాలన్నారు. అతను జిప్పుల కోసం రాసిన ఆర్డర్ సంతకం కాకుండా మూడు వారాలు ఆగిపోయింది గానీ, సంతకం అయ్యాక సరఫరాదారు నాలుగు రోజుల్లోనే సరుకు పంపాడు. ఈలోగా కుట్టు విభాగంలో ఒక కార్మికురాలిని సూపర్‌వైజర్ వేగం పెంచమంటే, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ప్రతి కుట్టూ రెండుసార్లు చూసుకుంటూ నెమ్మదిగా చేయమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక ఆమె పని దెబ్బతింది. గడువు ముగిశాక లెక్కపెడితే 4,500 బ్యాగులే తయారయ్యాయి. లక్ష్యానికి 1,500 తక్కువ పడ్డాయని చూసిన యాజమాన్యం వెంటనే జిప్పుల సరఫరాదారును మార్చేసింది."

కింద ప్రశ్నలు:

(అ) కంపెనీలో మొదట ఉన్న, తర్వాత వచ్చిన ఆర్గనైజేషన్ స్ట్రక్చర్లను గుర్తించండి. రెండోదాని లాభం ఒకటి, లోపం ఒకటి రాయండి. (4 మార్కులు)

(ఆ) ట్రావెల్ బ్యాగుల మేనేజర్ విషయంలో ఫేయాల్ సూత్రాల్లో దేన్ని పాటించలేదు? పేరాలోని వాక్యాలు చూపుతూ రాయండి. (2 మార్కులు)

(ఇ) కార్మికురాలి విషయంలో ఫేయాల్ సూత్రాల్లో ఏది దెబ్బతింది? దాని ఫలితం ఒకటి రాయండి. (2 మార్కులు)

(ఈ) పేరాలో కంట్రోలింగ్ ప్రక్రియలోని ఏ దశలు కనిపిస్తున్నాయి? ఏ దశను వదిలేశారు? దానివల్ల ఏం జరుగుతుంది? (4 మార్కులు)

ముందు ప్రశ్నలు, తర్వాతే పేరా

పేరా మొదటి లైన్ మీద కన్ను పడినా సరే, దాన్ని వదిలేసి కిందికి దిగండి. నాలుగు ప్రశ్నలూ చదివి, ఒక్కో దాంట్లో రెండు మాటల కింద గీత గీయండి. ఒకటి, సిలబస్‌లో ఏ చోట వెతకాలో చెప్పే మాట. రెండోది, మిమ్మల్ని ఏం చేయమంటున్నారో చెప్పే మాట.

(అ)లో "ఆర్గనైజేషన్ స్ట్రక్చర్" అనగానే మీ ముందు రెండే పేర్లు ఉన్నాయి: ఫంక్షనల్, డివిజనల్. (ఆ), (ఇ) రెండింట్లోనూ "ఫేయాల్ సూత్రం" అన్నారు కాబట్టి పద్నాలుగు పేర్లలో ఒకటి కావాలి. (ఈ)లో "కంట్రోలింగ్ ప్రక్రియ" అంటే ఐదు దశలు. పేరా చదవకముందే ఆన్సర్ ఎక్కడుండొచ్చో ఇంతగా కుదించుకున్నారు.

రెండో మాట ఇంకా ముఖ్యం. "గుర్తించండి" అంటే పేరు రాస్తే చాలు, వివరణ ఒక వాక్యానికి మించక్కర్లేదు. "వాక్యాలు చూపుతూ" అంటే పేరాలోని మాటలు కొటేషన్ గుర్తుల్లో తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే పేరు సరిగ్గా రాసినా కొంత మార్కు పోతుంది. "లాభం ఒకటి, లోపం ఒకటి" అన్నప్పుడు మూడేసి రాసినా అదనపు మార్కు రాదు. (ఈ)లో మూడు ముక్కలు ఉన్నాయి: కనిపించే దశలు, వదిలేసిన దశ, దాని ఫలితం. ఈ మూడో ముక్కని మర్చిపోయి వచ్చేవాళ్లు చాలామంది. అందుకే ప్రశ్నలోనే ఒక్కో ముక్క మీద 1, 2, 3 అని చిన్న అంకెలు వేసుకోండి.

పేరాని వాక్యాలుగా విడగొట్టండి

ఇప్పుడు పెన్సిల్‌తో ప్రతి వాక్యం మొదట్లో ఒక అంకె వేయండి. మన పేరాలో పది వాక్యాలు వస్తాయి. ఒక్కోటి చదివి ఆగి, ఇది ఏ ప్రశ్నకి పనికొస్తుందో మార్జిన్‌లో అక్షరం రాయండి. గీతలు గీయడం కన్నా ఇది మేలు. మొత్తం పేరా కింద గీతలు గీసేసి, ఏ గీత దేనికో తెలియక తిప్పలు పడేవాళ్లే ఎక్కువ.

1, 2 వాక్యాలు: ఒకే రకం సరుకు, నాలుగు డిపార్ట్‌మెంట్లు. ఇవి (అ)కి. 3వ వాక్యం: ఒక్కో రకానికి ఒక్కో మేనేజర్. ఇదీ (అ)కే. 4వది: మూడు నెలల్లో 6,000 బ్యాగులు. దీని పక్కన చాలామంది (ఆ) ఒక్కటే రాసుకుంటారు, కాసేపట్లో దీని సంగతి చూద్దాం. 5, 6 కూడా (ఆ)కే. 7, 8 కార్మికురాలి గురించి, అంటే (ఇ). 9, 10 లెక్కపెట్టడం, పోల్చడం, సరఫరాదారును మార్చడం, ఇవి (ఈ)కి.

ఇలా చేశాక ఒక పరీక్ష పెట్టుకోండి: ఏ అక్షరమూ పడని వాక్యం ఏదైనా మిగిలిందా? పెద్ద పేరాల్లో ఒకటో రెండో వాక్యాలు కేవలం కథ నడపడానికే ఉంటాయి, అది మామూలే. కానీ అంకె ఉన్న వాక్యం, "అయితే", "కానీ", "వెంటనే" లాంటి మాటలున్న వాక్యం అక్షరం లేకుండా మిగిలిందంటే అనుమానించండి. సెట్టర్ ఆ మాటని ఊరికే పెట్టలేదు.

మన 6వ వాక్యం రెండో సగం చూడండి: "సంతకం అయ్యాక సరఫరాదారు నాలుగు రోజుల్లోనే సరుకు పంపాడు." (ఆ)కి దీనితో అవసరమే లేదు. సంతకం ఆలస్యమైందన్న మొదటి సగం చాలు. మరి ఇది ఎందుకుంది? దీని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

ఇంకొకటి. సాధారణంగా ప్రశ్నల వరుస, పేరాలోని వాక్యాల వరుస దాదాపు ఒకటే. అందుకే (ఈ)కి ఆధారాలన్నీ చివర్లోనే ఉంటాయని అనుకుంటాం. ఇక్కడ అలా లేదు. కంట్రోలింగ్ మొదటి దశ ప్రమాణాలు పెట్టడం. ఆ 6,000 అంకె, మూడు నెలల గడువు 4వ వాక్యంలోనే ఉన్నాయి. ఒకే వాక్యం రెండు ప్రశ్నలకి ఆధారం కావడంలో తప్పేమీ లేదు. కాబట్టి 4 పక్కన (ఆ)తో పాటు (ఈ) కూడా రాయండి.

కవల పేర్ల దగ్గర ఆగండి

కేస్ స్టడీలో తప్పు ఆన్సర్లు ఎక్కువగా వచ్చేది ఏమీ చదవనివాళ్ల నుంచి కాదు. బాగా చదివి, పక్కపక్కన ఉండే రెండు పేర్లలో తప్పుది ఎంచుకున్నవాళ్ల నుంచి. మన పేరాలో అలాంటి చోట్లు రెండున్నాయి.

మొదటిది (ఇ). ఒకే మనిషికి ఇద్దరు ఇద్దరు రకాలుగా చెప్పారు. బుర్రలో వెంటనే "యూనిటీ" అనే మాట మెదులుతుంది, తర్వాత "కమాండ్" రాయాలా "డైరెక్షన్" రాయాలా అనే సందేహం. దీనికి ఒక్క ప్రశ్న చాలు: గందరగోళం ఒక మనిషికా, ఒక పనుల గుంపుకా? ఒక ఉద్యోగికి ఇద్దరు పైవాళ్లు ఆజ్ఞలిస్తే దెబ్బతినేది యూనిటీ ఆఫ్ కమాండ్. ఒకే లక్ష్యం ఉన్న పనులన్నిటికీ ఒక హెడ్, ఒక ప్లాన్ ఉండాలన్నది యూనిటీ ఆఫ్ డైరెక్షన్. ఇక్కడ బాధపడుతున్నది ఒక కార్మికురాలు, కాబట్టి కమాండ్. ట్రావెల్ బ్యాగులకి, హ్యాండ్‌బ్యాగులకి కలిపి ఒకే ప్లాన్‌తో తిప్పలు పడుతున్నారని రాసి ఉంటే అది డైరెక్షన్ అయ్యేది.

ఇక్కడే బాగా చదివినవాళ్లకి ఇంకో అనుమానం వస్తుంది, అది సరైన అనుమానమే. వేగం చూసేవాడొకడు, నాణ్యత చూసేవాడొకడు, ఇద్దరూ ఒకే కార్మికురాలికి చెప్పడం అంటే టేలర్ చెప్పిన ఫంక్షనల్ ఫోర్‌మన్‌షిప్ కదా? టేలర్ పద్ధతిలో ఒక కార్మికుడి మీద ఎనిమిది మంది ఉంటారు. ప్లానింగ్ వైపు నలుగురు, ప్రొడక్షన్ వైపు నలుగురు. ఆ ప్రొడక్షన్ వైపు నలుగురిలో పని సకాలంలో, వేగంగా అయ్యేలా చూసే స్పీడ్ బాస్ ఒకడు, నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ ఒకడు. మన పేరాలోని ఇద్దరూ అచ్చం వాళ్లలాగే ఉన్నారు.

ఫేయాల్ సూత్రం, టేలర్ పద్ధతి ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. ఫేయాల్ ఒక మనిషికి ఒకే పైవాడు ఉండాలన్నాడు. టేలర్ పనిలో ఒక్కో అంశానికి ఒక్కో నిపుణుడు చెప్పాలన్నాడు. కాబట్టి ఒకే సన్నివేశానికి రెండు పేర్లూ అతుకుతాయి. ఏది రాయాలో తేల్చేది పేరా కాదు, ప్రశ్న. (ఇ)లో "ఫేయాల్ సూత్రాల్లో ఏది దెబ్బతింది" అన్నారు కాబట్టి యూనిటీ ఆఫ్ కమాండ్. అదే "ఏ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ టెక్నిక్ కనిపిస్తోంది" అని అడిగి ఉంటే ఫంక్షనల్ ఫోర్‌మన్‌షిప్ రాయాలి. ప్రశ్నలో సిలబస్ మాట కింద గీత గీయమన్నది ఇందుకే. ఆన్సర్లో రెండూ రాసి, ఏదో ఒకటి తగులుతుందిలే అనుకోవద్దు. రెండు పేర్లు కనిపిస్తే మీకు ఏదీ ఖాయంగా తెలియదన్న అర్థమే వస్తుంది.

రెండో చోటు (ఆ). "ఎంత చిన్న కొనుగోలుకైనా హెడ్ ఆఫీసు సంతకం" అనగానే "సెంట్రలైజేషన్" అని రాసేయాలనిపిస్తుంది. అధికారం పైన పోగుపడిందన్న మాట నిజమే. కానీ ప్రశ్న మళ్లీ చూడండి: "మేనేజర్ విషయంలో" ఏ సూత్రాన్ని పాటించలేదని అడిగారు. 4, 5 వాక్యాల్ని పక్కపక్కన పెట్టండి. 6,000 బ్యాగుల బాధ్యత అతనిది. జిప్పులు కొనే అధికారం మాత్రం అతనిది కాదు. ఒక మనిషి మీద పడ్డ బాధ్యతకి, అతని చేతిలోని అధికారానికి పొంతన లేదు. అది అథారిటీ అండ్ రెస్పాన్సిబిలిటీ సూత్రం: రెండూ సమానంగా ఉండాలి. 5వ వాక్యం ఒక్కటే ఉంటే సెంట్రలైజేషన్ అనడానికి వీలుండేది. 4వ వాక్యం తోడయ్యాక ఆన్సర్ మారిపోయింది.

అందుకే ఒక వాక్యం చూసి పేరు తగిలించే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ ఆగాలి. పేరు తట్టగానే, ఆ మనిషి గురించే పేరాలో ఇంకేం రాశారో ముందూ వెనకా ఒక్కో వాక్యం చూడండి. రెండో వాక్యం కూడా మీ పేరుకి సరిపోతే రాసేయండి. సరిపోకపోతే ఆ పేరు తప్పని అనుకోవచ్చు.

ఇలాగే డెలిగేషన్, డీసెంట్రలైజేషన్ మధ్య కూడా చాలామంది తడబడతారు. ఒక పైవాడు తన కింది ఒక్క మనిషికి పని అప్పగిస్తే డెలిగేషన్. కంపెనీ మొత్తంలో కింది స్థాయిల దాకా నిర్ణయాధికారం పంచితే డీసెంట్రలైజేషన్. పేరాలో ఎంతమందికి ఇచ్చారో చూస్తే తేలిపోతుంది.

ఆన్సర్ రాయడం

నోట్స్‌లో కంఠతా పట్టిన వివరణని అలాగే దించేస్తే కేస్ స్టడీలో సగం మార్కే. పేరాలో జరిగినదానికి మీరు రాసిన పేరుకి లంకె కనిపించాలి. రెండు మార్కుల ఆన్సర్ అయితే మూడు నాలుగు వాక్యాలు సరిపోతాయి: పేరు, పేరాలోని మాటలు, ఆ మాటలు ఆ పేరుకి ఎలా సరిపోతాయో ఒక వాక్యం.

(ఆ)కి ఇలా రాయొచ్చు:

"పాటించని సూత్రం: అథారిటీ అండ్ రెస్పాన్సిబిలిటీ. పేరాలో 'మూడు నెలల్లో 6,000 బ్యాగులు సిద్ధం చేయించాలని లక్ష్యం పెట్టారు' అన్నది మేనేజర్ బాధ్యతను చూపుతుంది. 'ఎంత చిన్న కొనుగోలుకైనా హెడ్ ఆఫీసు సంతకం ఉండాలన్నారు' అన్నది అతనికి ఆ పనికి తగిన అధికారం లేదని చూపుతుంది. బాధ్యతకి సమానమైన అధికారం ఇవ్వలేదు కాబట్టి ఈ సూత్రం దెబ్బతింది."

ఇందులో ఫేయాల్ ఎవరో, ఎప్పుడు చెప్పాడో లేదు. ఆయన ఫ్రాన్స్ గనుల ఇంజనీరని, 1916లో ఈ సూత్రాలు రాశాడని మీకు తెలిసి ఉండొచ్చు. అది ఇక్కడ అడగలేదు.

కొటేషన్ విషయంలో ఒక చిన్న జాగ్రత్త. వాక్యం మొత్తం ఎత్తి రాయక్కర్లేదు, ఆధారం ఉన్న ఐదారు మాటలు చాలు. కానీ ఆ మాటలు పేరాలో ఉన్నట్టే ఉండాలి. మీ సొంత మాటల్లో మార్చి కొటేషన్ గుర్తుల్లో పెడితే అది కొటేషన్ అవదు.

(ఇ)కి పేరు యూనిటీ ఆఫ్ కమాండ్, ఆధారం 7వ వాక్యం. ఫలితం కోసం పుస్తకంలోది గుర్తు చేసుకోనక్కర్లేదు, 8వ వాక్యమే చెబుతోంది: ఎవరి మాట వినాలో తెలియక పని దెబ్బతింది. దానికి ఒక్క మాట కలపండి, పని ఆగినప్పుడు ఎవరిని బాధ్యుల్ని చేయాలో కూడా తేలదని. అంతటితో ఆపేయండి.

(అ) కొంచెం పెద్దది. మొదట ఉన్నది ఫంక్షనల్ స్ట్రక్చర్, ఎందుకంటే పనుల స్వభావాన్ని బట్టి నాలుగు డిపార్ట్‌మెంట్లుగా విడగొట్టారు. తర్వాత వచ్చింది డివిజనల్ స్ట్రక్చర్, ఎందుకంటే సరుకు రకాన్ని బట్టి విడగొట్టి, ఒక్కో రకం లాభనష్టాలకి ఒక్కో మేనేజర్‌ను బాధ్యుణ్ణి చేశారు. ఇంతవరకు రెండు మార్కులు.

లాభం, లోపం దగ్గర ఎంపిక మీది. డివిజనల్ స్ట్రక్చర్ లాభాలు పుస్తకంలో నాలుగైదు ఉంటాయి. అందులో "నిర్ణయాలు త్వరగా జరుగుతాయి" అన్నది అందరికీ ముందు గుర్తొచ్చేది. కానీ ఈ కంపెనీలో జిప్పుల ఆర్డర్ మీద సంతకానికే మూడు వారాలు పట్టింది. ఆ లాభం రాస్తే తప్పని అనలేరు గానీ, పేరాకి ఎదురు తిరిగినట్టు ఉంటుంది. దానికి బదులు "ఒక్కో డివిజన్ పనితీరును విడిగా కొలవొచ్చు, ఎవరి బాధ్యతో స్పష్టంగా తెలుస్తుంది" అన్నది రాస్తే 3వ వాక్యం మీకు తోడుంటుంది. లోపానికి, మూడు డివిజన్లూ విడివిడిగా కొనుగోళ్లు, అమ్మకాలు నడపడం వల్ల ఒకే పని మూడు చోట్ల జరిగి ఖర్చు పెరుగుతుందని రాయండి. పుస్తకంలో ఉన్నవాటిలో పేరా బలపరిచేదాన్నే ఏరుకోవాలన్నది నా అభిప్రాయం. ఎగ్జామినర్‌కి ఇది చదివి రాసిన ఆన్సర్ అని వెంటనే తెలుస్తుంది.

చివరి ప్రశ్న, ఆ మిగిలిన సగం వాక్యం

ఇప్పుడు (ఈ). కంట్రోలింగ్ దశలు వరుసగా ఇవి: ప్రమాణాలు పెట్టడం, జరిగిన పనిని కొలవడం, కొలిచినదాన్ని ప్రమాణంతో పోల్చడం, తేడాలు ఎందుకొచ్చాయో విశ్లేషించడం, సరిదిద్దే చర్య తీసుకోవడం. ఈ ఐదింటినీ రఫ్ వర్క్‌లో పక్కపక్కన రాసి, ఒక్కో దాని కింద పేరాలోని వాక్యం అంకె వేయండి.

ప్రమాణం 4వ వాక్యం: 6,000 బ్యాగులు, మూడు నెలలు. కొలవడం 9వ వాక్యం: "లెక్కపెడితే 4,500". పోల్చడం 10వ వాక్యం మొదట్లో: "1,500 తక్కువ పడ్డాయని". సరిదిద్దే చర్య 10వ వాక్యం చివర్లో: "సరఫరాదారును మార్చేసింది". నాలుగో దశ కింద మాత్రం ఏ అంకె వేయాలో దొరకదు. పేరాలో "వెంటనే" అన్న మాట ఉన్నది అందుకే. పోల్చిన వెంటనే చర్యకి దూకేశారు, తేడా ఎందుకొచ్చిందో చూడలేదు.

మూడో ముక్క, దానివల్ల ఏం జరుగుతుంది? మనం ప్రశ్నార్థకం పెట్టి వదిలేసిన సగం వాక్యం ఇక్కడ పనికొస్తుంది. సరఫరాదారు నాలుగు రోజుల్లోనే సరుకు పంపాడు. ఆలస్యమైంది హెడ్ ఆఫీసు సంతకం దగ్గర. కొత్త సరఫరాదారు వచ్చినా ఆర్డర్ మళ్లీ అదే సంతకం కోసం ఆగుతుంది. పైగా కుట్టు విభాగంలో గందరగోళం కూడా అలాగే ఉంది. కాబట్టి వచ్చే మూడు నెలల్లోనూ లక్ష్యం తప్పే ప్రమాదం ఉంది.

ఆన్సర్ ఇలా వస్తుంది:

"కనిపించే దశలు: (1) ప్రమాణాలు పెట్టడం, 'మూడు నెలల్లో 6,000 బ్యాగులు'. (2) పనితీరును కొలవడం, 'లెక్కపెడితే 4,500 బ్యాగులే'. (3) ప్రమాణంతో పోల్చడం, '1,500 తక్కువ పడ్డాయని'. (4) సరిదిద్దే చర్య, 'జిప్పుల సరఫరాదారును మార్చేసింది'. వదిలేసిన దశ: తేడాల విశ్లేషణ. దీనివల్ల అసలు కారణం బయటపడలేదు. సరఫరాదారు నాలుగు రోజుల్లోనే సరుకు పంపాడు. ఆలస్యం హెడ్ ఆఫీసు సంతకం వల్ల జరిగింది. తప్పు కారణాన్ని సరిదిద్దారు కాబట్టి ఇదే తేడా మళ్లీ రావచ్చు."

ఇక్కడ ఒక గీత దాటకూడదు. కొత్త సరఫరాదారు ఎక్కువ ధర అడుగుతాడని, పాత సరఫరాదారు కోర్టుకెళ్తాడని రాయకండి. నిజంగా జరగొచ్చేమో గానీ పేరాలో లేదు. కేస్ స్టడీలో మీరు ఊహించింది ఆధారం కాదు. ఫలితం రాసేటప్పుడు కూడా పేరాలో ఉన్న ఏదో ఒక వాక్యం మీదే కాలు మోపి నిలబడాలి.

మరి పేరాలో ఏ ఆధారమూ లేని దశను కూడా ఐదింటిలో కలిపేసి, ఐదూ కనిపిస్తున్నాయని రాసేవాళ్ల సంగతేంటి? ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. కంఠతా వచ్చిన జాబితా కాబట్టి చెయ్యి ఆగదు. ఐదు దశలకీ ఐదు కొటేషన్లు రాయగలిగారా అని చూసుకుంటే అక్కడే పట్టుబడుతుంది. కొటేషన్ దొరకని దశ పేరాలో లేనట్టే.

టైమ్, మార్కులు, ఇరుక్కున్నప్పుడు

మూడు గంటల్లో 80 మార్కుల పేపర్ అయితే మార్కుకి రెండు నిమిషాల పైచిలుకు దొరుకుతుంది. 12 మార్కుల ఈ కేస్‌కి దాదాపు ఇరవై ఏడు నిమిషాలు. అందులో మొదటి ఆరేడు నిమిషాలు ప్రశ్నలు చదవడానికి, పేరాలో అంకెలు, అక్షరాలు వేయడానికి పోతాయి. అంతసేపు పెన్ను పేపర్ మీద ఆన్సర్ రాయకపోతే భయం వేస్తుంది. కానీ ఆ పని అయ్యాక పేరాకి మళ్లీ మొదటి నుంచి వెళ్లక్కర్లేదు, మార్జిన్ చూస్తే చాలు. మీ పేపర్లో మార్కులు, టైమ్ వేరైతే లెక్క మార్చుకోండి.

ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయేమో కూడా ముందే చూడండి. (అ)లో స్ట్రక్చర్ పేరు తప్పు రాస్తే దాని లాభం, లోపం రెండూ తప్పవుతాయి. అంటే ఆ ఒక్క పేరు మీద మూడు మార్కులు వేలాడుతున్నాయి. అలాంటి చోట ఒక నిమిషం ఎక్కువ తీసుకోండి. (ఆ), (ఇ) మాత్రం దేనికది విడి. ఒకటి రాకపోతే ఖాళీ వదిలి ముందుకెళ్లొచ్చు.

(ఆ)లో, (ఇ)లో ఒకే సూత్రం పేరు వచ్చిందంటే ఆగి చూడండి. ఒకే సూత్రాన్ని ఒకే కేస్‌లో రెండుసార్లు అడగడం అరుదు. రెండింట్లో ఒకటి తప్పయి ఉంటుంది, ఎక్కువగా మీరు తొందరగా రాసేసిందే.

ఏ పేరూ తట్టకపోతే, పేరాలో ఆ మనిషికి ఏం ఇబ్బంది వచ్చిందో రెండు వాక్యాల్లో మామూలు మాటల్లో రఫ్‌గా రాసుకోండి. "ఇతనికి పని చెప్పారు, కొనే హక్కు ఇవ్వలేదు" అని రాసుకున్నాక, పద్నాలుగు పేర్లూ మనసులో ఒక్కోటి ఆ వాక్యం పక్కన పెట్టి చూడండి. డిసిప్లిన్ కుదరదు, ఆర్డర్ కుదరదు, ఈక్విటీ కుదరదు. కుదరనివి తీసేస్తూ పోతే రెండో మూడో మిగులుతాయి, అప్పుడు పైన చెప్పినట్టు ముందూ వెనకా వాక్యాలు చూసి తేల్చొచ్చు. అప్పటికీ తేలకపోతే ఆ ఇబ్బందినే, పేరాలోని మాటలు కొటేషన్‌లో పెట్టి, పేరు లేకుండానైనా రాయండి. పేరుకి వేసే మార్కు పోవచ్చు గానీ, ఆధారం చూపినందుకు కొంత దక్కే అవకాశం ఉంటుంది. ఖాళీ వదిలిన చోట వేయడానికి ఎవరికీ ఏమీ ఉండదు.

ఆన్సర్ షీట్‌లో (అ), (ఆ), (ఇ), (ఈ) అక్షరాలు మార్జిన్‌లో స్పష్టంగా ఉండాలి. ఒక్కోటి కొత్త లైన్‌లో మొదలవ్వాలి. గుర్తించిన పేరు మొదటి లైన్లోనే రాసి కింద గీత గీయండి. ఎగ్జామినర్ ముందు వెతికేది ఆ పేరే. అది ఏడో లైన్ మధ్యలో దాక్కుని ఉంటే కంటికి ఆనకపోవచ్చు.